కాపలాదారు పాత్రకు నాలుగు గొంతులు: గేమ్ డైలాగుల రికార్డింగ్ నడిపించడం ఎలా?

ప్రశ్న: మేడమ్, మాది కావలి. బీకాం కంప్యూటర్స్ చివరి సంవత్సరం. పరిషత్ నాటకాలకు ప్రాంప్టింగ్ చేస్తుంటాను, గేమ్‌లంటే పిచ్చి. హైదరాబాద్‌లో చిన్న గేమ్ టీమ్‌లో ఉన్న మా బావ, కోట కాపలాదారు పాత్రకు డైలాగులు రికార్డు చేయించి పంపమన్నాడు. ఒక్కో డైలాగుకు నాలుగు వేరియేషన్లు, ఫైల్ పేర్లు పద్ధతిగా ఉండాలట. నటుడు మా నాటకాల అన్నే. ఎలా చేయించాలి? ఇది ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: ముందు వేరియేషన్‌కూ టేక్‌కూ తేడా పట్టుకోండి. కొత్తవాళ్లు ఈ రెంటినీ కలిపేసి ఆ తర్వాత అవస్థ పడతారు. సరిగ్గా పలికేదాకా మళ్లీమళ్లీ చెప్పించే ప్రయత్నాలు టేకులు. వాటిలో ఒకటి నిలుస్తుంది, మిగతావి పక్కకు పోతాయి. వేరియేషన్లు అలా కాదు, నాలుగూ గేమ్‌లోకి వెళ్తాయి. ఆటగాడు కోట గోడ దగ్గర చప్పుడు చేసిన ప్రతిసారీ గేమ్ ఆ నాలుగింటిలో ఒకదాన్ని తీసి వినిపిస్తుంది. ఒకే వాక్యం వరుసగా పదిసార్లు వింటే ఎవరికైనా చిరాకేగా.

కాపలాదారుకు అనుమానం వచ్చిన సందర్భానికి మీరు ఇలా రాసుకున్నారనుకుందాం: "ఎవరక్కడ?", "ఏందా చప్పుడు?", "ఎవుర్రా అది, బయటికి రా!", "గాలికి కదిలిందేమోలే." చదవడానికి నాలుగూ బాగానే ఉన్నాయి. కానీ మొదటి రెండే ఒక జట్టు. మూడోది అనుమానం కాదు, మనిషి ఉన్నాడని తేలిపోయాక వేసే కేక. నాలుగోది అనుమానం తీరిపోయాక అనేది. గేమ్ ఏది తీస్తుందో మన చేతిలో ఉండదు కాబట్టి, చిన్న రాయి దొర్లినందుకే కాపలాదారు గొంతు చించుకుంటాడు, లేదా పట్టుకోవాల్సిన సమయంలో "గాలిలే" అని ఊరుకుంటాడు. వేరియేషన్లలో మాటలు మారాలి, విరుపు మారాలి. చెప్పే సంగతీ, గొంతు తీవ్రతా మారకూడదు. అందుకని ఆ చివరి రెండింటినీ వేరే సందర్భాలకు పంపి, ఇక్కడికి "ఏదో కదిలినట్టుందే?", "ఏందది, అలికిడి?" లాంటివి రాయండి. నాలుగింటిలో ఒకటి తమాషాగా పెడదామనిపిస్తుంది, పెట్టొద్దు. మొదటిసారి నవ్వొస్తుంది, ఐదోసారి అన్నింటికంటే ముందు గుర్తుపట్టి విసుక్కునేది దాన్నే.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. ఆటగాడు అబ్బాయి పాత్రనో అమ్మాయి పాత్రనో ఎంచుకోగలిగితే, కాపలాదారు తోటివాడితో అనే "అటు పారిపోయాడు!" అనే మాటకు "అటు పారిపోయింది!" కూడా కావాలి. ఎదుటివారితో "ఆగు", "దొరికావు" అనేటప్పుడు ఈ బాధ లేదు. "ఒరేయ్" అన్నారో, మళ్లీ రెండు రకాలు. ఈ సంగతి మీ బావను ముందే అడగండి. రికార్డింగ్ అయిపోయాక తెలిస్తే నటుణ్ణి మళ్లీ పిలవాలి.

ఇక రికార్డింగ్ రోజు. మీ అన్న పరిషత్ నటుడు కాబట్టి ఆఖరి వరుసకు వినిపించేలా పలకడం అలవాటై ఉంటుంది. మైకు జానెడు దూరంలో ఉన్నప్పుడు అది పనికిరాదు. అలాగని "తగ్గించి చెప్పన్నా" అంటే పాత్ర కూడా చప్పబడిపోతుంది. సందర్భం చెప్పండి: "అన్నా, తెల్లవారుజాము. గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నావు. పదడుగుల దూరంలో పొద కదిలింది. లేవాలా వద్దా అని నీకే తెలియదు." గొంతు దానంతటదే సర్దుకుంటుంది. మీరు పలికి చూపించి అలాగే అనమని మాత్రం అడగొద్దు. మీ గొంతుకు నకలు వస్తుంది గానీ కాపలాదారు రాడు.

ప్రతి వాక్యాన్నీ ఆపకుండా మూడుసార్లు, మూడు రకాలుగా చెప్పించండి. మధ్యలో సలహాలిస్తే ఆ ఊపు పోతుంది. మూడూ అయ్యాక నచ్చిన టేక్ నంబరుకు కాగితం మీద సున్నా చుట్టండి. వాక్యం మొదలయ్యే ముందు దాని నంబరు మీరే పైకి చదవండి, ఎడిటింగ్‌లో వెతుక్కునే పని తప్పుతుంది.

స్క్రిప్టు వరుసలో రికార్డు చేయకండి. నెమ్మది మాటలు ముందు, కేకలు తర్వాత, దెబ్బతిన్న మూలుగులూ చావు అరుపులూ అన్నింటికంటే చివర. గొంతు ఒకసారి బొంగురుపోతే ఆ రోజుకు మామూలు మాట తిరిగి రాదు. వాక్యానికీ వాక్యానికీ మధ్య గొంతు సవరించుకోవడం మొదలైతే అలసిపోయాడని గుర్తు. విరామం ఇచ్చి, ఉదయం రికార్డు చేసిన మొదటి వాక్యం వినిపించండి. రెండూ ఒకే మనిషిలా లేకపోతే ఆ పూటకు ఆపేయడమే.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో వేవ్ ఫైల్ పెట్టుకోండి. కేకలకు ముందు గెయిన్, అంటే మైకు శబ్దాన్ని అందుకునే మోతాదు, తగ్గించి, మనిషిని రెండడుగులు వెనక్కి జరపండి. పగిలిన శబ్దాన్ని తర్వాత అతికించడం కష్టం. ఫ్యాన్ ఆపాల్సిందే, మన ఎండల్లో అది ఎంత శిక్షో తెలుసు కాబట్టి తెల్లవారకముందే కూర్చోండి.

ఫైల్ పేర్లు రికార్డింగ్‌కు ముందే ఎక్సెల్ షీట్‌లో ఖాయం కావాలి. డైలాగు, సందర్భం, ఎవరితో అంటున్నాడు, ఎంత దూరం, ఫైల్ పేరు: ఈ గడులు చాలు.

```
vo_guard_suspicious_01.wav
vo_guard_suspicious_02.wav
vo_guard_flee_m_01.wav
vo_guard_flee_f_01.wav
```

చివరి అంకె వేరియేషన్‌ది, టేక్‌ది కాదు. టేక్ నంబరు మీ కాగితం మీదే ఉండిపోవాలి. ఎందుకంటే గేమ్ ఫైల్‌ను పేరుతోనే పిలుస్తుంది. రెండు వారాల తర్వాత రెండో వేరియేషన్ మళ్లీ చెప్పించాల్సి వచ్చిందనుకోండి. అదే పేరుతో కొత్త ఫైల్ పంపితే పాతదాని చోట కూర్చుంటుంది, ప్రోగ్రామర్ ఏమీ ముట్టుకోనక్కర్లేదు. మీరు `vo_guard_suspicious_02_take5_final.wav` అని పంపితే గేమ్ ఇంకా పాతదాన్నే వినిపిస్తూ ఉంటుంది, మార్పు ఎందుకు రాలేదో తెలియక అందరూ తలలు పట్టుకుంటారు.

పేర్లన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి, ఖాళీలు ఉండకూడదు. `Guard` అని ఒకచోట, `guard` అని ఇంకోచోట రాస్తే విండోస్ కంప్యూటర్‌లో మామూలుగా రెండూ ఒకటే, అంతా బాగానే నడుస్తుంది. అదే గేమ్ ఆండ్రాయిడ్ ఫోన్‌లో కాపలాదారుకు నోరు పడిపోవచ్చు. అక్కడ ఆ రెండూ వేర్వేరు పేర్లు. అంకెకు ముందు సున్నా కూడా మరవకండి. అది లేకపోతే చాలా సాఫ్ట్‌వేర్లలో 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది.

ముక్కలు కోయడానికి రీపర్ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడండి. ఒక్కో ముక్కను రీజియన్‌గా గుర్తించి షీట్‌లోని పేరు పెట్టి, రెండర్ చేసేటప్పుడు Bounds దగ్గర ప్రాజెక్ట్ రీజియన్లను ఎంచుకుని, ఫైల్ పేరు గడిలో `$region` అని టైప్ చేస్తే ఆ పేర్లతోనే అన్నీ ఒకేసారి బయటికొస్తాయి. ఉచితంగా కావాలంటే ఆడాసిటీలో లేబుళ్లతో ఇదే పని అవుతుంది.

ఉద్యోగం మాటకొస్తే, కొత్తవాళ్లను వాయిస్ డైరెక్టర్‌గా ఎవరూ తీసుకోరు. తెలుగు గేమ్ డైలాగుల మీదే బతకడమూ ఇప్పటికి కష్టం. లోపలికి దారి డైలాగ్ ఎడిటింగ్ నుంచీ, డబ్బింగ్ స్టూడియోలో అసిస్టెంట్ పని నుంచీ ఉంటుంది. ప్రాంప్టింగ్ చేసినవారు కాబట్టి స్క్రిప్టు మీద కన్నూ నటుడి మీద చెవీ ఒకేసారి పెట్టడం మీకు అలవాటే. దరఖాస్తుతో పాటు ఈ కాపలాదారు ఫోల్డర్‌ను, మీ బావ టీమ్ ఒప్పుకుంటేనే, షీట్‌తో సహా పంపండి. సున్నాలు చుట్టిన కాగితం ఫోటో కూడా అందులో పెట్టండి.