170 ఖర్చయ్యే బ్యాగును 140కి అమ్మడం

ప్రశ్న: మా యూనిట్‌లో కొంత కెపాసిటీ ఖాళీగా ఉంది. మామూలు రేటు కంటే బాగా తక్కువకు ఒక పెద్ద ఆర్డర్ వచ్చింది, మా యూనిట్ ఖర్చు కంటే కూడా తక్కువే. తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. ఆ "యూనిట్ ఖర్చు" అనే అంకెను చూసి వదులుకోకండి. అలాగని "ఖాళీగా ఉంది" అన్న మాటను కూడా పరీక్షించకుండా నమ్మకండి, నా అనుభవంలో మొదటి దానికంటే ఈ రెండోదే ఎక్కువ ముంచుతుంది.

నేను బ్యాగులు కుట్టే ఒక యూనిట్‌లో లెక్కలు చూసేవాణ్ణి. లెక్క తేలిగ్గా ఉండాలని అంకెలు గుండ్రంగా మార్చి చెప్తాను. నెలకు 10,000 బ్యాగులు కుట్టగలం, అప్పట్లో 7,500 మాత్రమే అమ్ముడవుతున్నాయి. అమ్మే ధర 200. మా కాస్ట్ షీట్‌లో ఒక్కో బ్యాగుకు బట్ట, జిప్పు వగైరా 80, కుట్టు కూలి 30, సేల్స్ కమిషన్ 10, అద్దె, సూపర్‌వైజర్ల జీతాలు, మెషీన్ల తరుగుదల అన్నీ కలిపి పంచితే 50, మొత్తం 170. ఒక కంపెనీ వాళ్లు తమ ఉద్యోగులకు పంచడానికి 3,000 బ్యాగులు కావాలని, 140కి మించి ఇవ్వలేమని నేరుగా మా దగ్గరికే వచ్చారు.

మా యజమాని షీట్ చూసి "బ్యాగుకు 30 నష్టం, వద్దని చెప్పేయండి" అన్నారు. ఆ 170 అనే అంకె మీద నాకు ఇప్పటికీ కోపమే. అద్దెను బ్యాగుల సంఖ్యతో భాగించి కూలి పక్కన వేస్తే, చూసేవాళ్లకు అదీ కూలిలాగే ప్రతి బ్యాగుతో పెరుగుతుందనిపిస్తుంది. నెలకు ఆ అద్దె, జీతాలు, తరుగుదల కలిపి 3,75,000. ఈ ఆర్డర్ తీసుకున్నా అంతే, తీసుకోకపోయినా అంతే. కాస్ట్ షీట్ చేసేవాళ్లు ఈ ఖర్చును కనీసం కింద విడిగా వేస్తే సగం గొడవలు ఉండవు.

అందుకే కొత్త కాగితం తీసుకుని, ఈ ఆర్డర్ వల్ల కొత్తగా చేతినుంచి పోయేదెంత అన్నది మాత్రమే రాశాను. బట్ట 80. అప్పుడు గోడౌన్‌లో బట్ట ఉంది కదా, దానికి ఖర్చు వెయ్యక్కర్లేదని ఒకరన్నారు. అది మేం రోజూ వాడే బట్టే, ఈ ఆర్డర్‌కు వాడేస్తే రెగ్యులర్ బ్యాగులకు మళ్లీ కొనాల్సిందే, కాబట్టి ఇవాళ్టి కొనుగోలు ధరే వెయ్యాలి. ఎందుకూ పనికిరాక మూలన పడి ఉన్న బట్ట అయితే తుక్కుకి అమ్మితే వచ్చేదెంతో అంతే వేసేవాణ్ణి. మా దగ్గర కుట్టు కూలి పీసు లెక్కన ఇస్తాం కాబట్టి 30 కూడా వేశాను. మీ దగ్గర నెల జీతాలై, మనుషులు ఎలాగూ ఖాళీగా కూర్చుంటున్నారంటే అది రాయక్కర్లేదు. ఏజెంటు లేడు కాబట్టి కమిషన్ లేదు. వాళ్ల లోగో ప్రింటుకు బ్యాగుకు 4, స్క్రీన్లు చేయించడానికి ఒకేసారి 6,000.

అంటే బ్యాగుకు 114. 140లో మిగిలేది 26. 3,000 బ్యాగులకు 78,000, స్క్రీన్ల ఖర్చు పోతే 72,000. యజమాని మెత్తబడ్డారు. "కానీ ఖాళీ ఉన్నది 2,500 బ్యాగులకే కదా" అన్నారు. మిగతా 500 కోసం రెగ్యులర్ అమ్మకం వదులుకోవాలి, ఒక్కో రెగ్యులర్ బ్యాగులో 80 మిగులుతుంది, కాబట్టి 40,000 పోతుంది, అయినా 32,000 మిగులుతుందని చెప్పాను. ఒప్పేసుకుందాం అనుకున్నాం.

ఆ సాయంత్రం శాంపిల్ బ్యాగు పట్టుకుని షెడ్డులోకి వెళ్లాను, మంచిదైంది. ఫోర్‌మన్ దాని పట్టీలు అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, మీ పదివేలు మన బ్యాగు లెక్క. ఇది ఆ లెక్కలో రాదు" అన్నాడు. పట్టీలు ఊడకుండా గట్టి కుట్టు వేసే బార్‌ట్యాక్ మెషీన్ మాకు ఒక్కటే ఉంది. మిగతా మెషీన్లు ఎన్ని ఖాళీగా ఉన్నా బ్యాగు దాని దగ్గరికి వచ్చే బయటికి వెళ్లాలి. మా మామూలు బ్యాగుకు దాని మీద 2 నిమిషాలు పడుతుంది, 10,000 అన్న లెక్క పుట్టిందే అక్కడ, నెలకు 20,000 నిమిషాలు. ఈ బ్యాగుకు పట్టీలు మందం, కుట్లు ఎక్కువ, 3 నిమిషాలు. రెండు షిఫ్టుల్లో నడుస్తున్న మెషీన్, ఇంకా లాగితే రిపేరుకొస్తుంది.

మళ్లీ లెక్క వేశాను. రెగ్యులర్ బ్యాగులు 15,000 నిమిషాలు తింటున్నాయి, ఖాళీ 5,000. ఆర్డర్‌కు కావలసింది 9,000. లోటు 4,000 నిమిషాలు, అంటే 500 కాదు, 2,000 రెగ్యులర్ బ్యాగులు ఆగిపోతాయి. వాటి మీద పోయేది 1,60,000. 72,000 కోసం 1,60,000 పోగొట్టుకోవడం! నెట్‌గా 88,000 నష్టం, అదీ లెక్కల పుస్తకంలో ఎక్కడా కనిపించని నష్టం, ఎందుకంటే రాని అమ్మకాన్ని ఏ పుస్తకంలోనూ ఎవరూ రాయరు. "మెషీన్లు ఎలాగూ ఖాళీయే" అనే సేల్స్ వాళ్లను నేను వెంటనే అడిగేది ఇదే, ఏ మెషీన్, ఎన్ని నిమిషాలు అని.

ఖాళీ 5,000 నిమిషాల్లో కుట్టగలిగేది 1,666 బ్యాగులే. అంతవరకు కుట్టే ప్రతి బ్యాగూ 26 తెస్తుంది. ఖాళీ నిమిషాలు అయిపోయాక కుట్టే ప్రతిదీ 26 తెచ్చి, ఒకటిన్నర రెగ్యులర్ బ్యాగును ఆపి, 120 తీసుకుపోతుంది. ఆర్డర్ మొత్తానికి సగటు లెక్క వేస్తే ఈ మలుపు కనపడదు. అందుకే నేను ఎప్పుడూ ఆర్డర్‌ను ఖాళీలో పట్టేది, పట్టనిది అని రెండు ముక్కలుగా వేరు చేసి చూస్తాను.

వాళ్లతో ధర గురించి ఇంక మాట్లాడలేదు. పంచేది ఎప్పుడు అని అడిగాం. రెండు నెలల తర్వాతట! సగం ఈ నెల, సగం వచ్చే నెల ఇస్తామన్నాం. నెలకు 1,500 బ్యాగులు, 4,500 నిమిషాలు, ఖాళీలో సరిపోయాయి. అమ్మకాలు మందకొడిగా ఉండే నెలలే కాబట్టి రెగ్యులర్ బ్యాగు ఒక్కటీ ఆగలేదు, 72,000 మొత్తం మిగిలింది. బ్యాగుల మీద వాళ్ల లోగో ఉంది, అమ్మకానికి కాకుండా పంచడానికి తీసుకున్నారు కాబట్టి మా పాత కొనుగోలుదారులు ఆ రేటు పట్టుకుని రాలేదు. అదే బ్యాగు, అదే మార్కెట్, లోగో కూడా లేదంటే నేను ఇంత ధైర్యంగా ఒప్పుకోమని చెప్పను. 200 ఇచ్చేవాళ్లలో కొందరు 180కి బేరమాడినా ఈ 72,000 ఎక్కువ రోజులు నిలవదు.

మరుసటి ఏడాది వాళ్లే మళ్లీ వచ్చారు, అదే బ్యాగు, అదే 140. ఈసారి మాకు సీజన్, బార్‌ట్యాక్ మీద ఒక్క నిమిషం ఖాళీ లేదు. 114కు ఆగిపోయే ఒకటిన్నర బ్యాగు మీద 120 కలిపితే 234. పోయిన ఏడాది 116కి ఇచ్చినా మాకు నష్టం లేని బ్యాగు, ఈ ఏడాది మామూలు ధర 200 ఇచ్చినా గిట్టదు. పోయినసారి ఇచ్చారు కదా, ఇప్పుడేమైంది అని వాళ్లకు కోపం వచ్చింది. సీజన్ అయ్యాక రండి, 140కే కుట్టిస్తామని చెప్పి పంపాం.