మార్కులు ఎలా పడతాయో చూడడం నేర్చుకో

చిరంజీవి బుజ్జికి,

డైవింగ్ పోటీ చూసి, "నీళ్లు చిమ్మినవాడికి ఎక్కువ మార్కులు, చక్కగా దిగినవాడికి తక్కువ, ఇదేం న్యాయం మామయ్యా?" అని అడిగావు. చిన్న పోటీల్లో కొన్నేళ్లు జడ్జిగా కూర్చున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

డైవింగ్‌లో ఏ డైవ్ ఎంత కష్టమో జడ్జీలు నిర్ణయించరు. ఎన్ని పల్టీలు, ఎన్ని మెలికలు, ఏ ఎత్తు నుంచి అన్నదాన్ని బట్టి ఆ అంకె పట్టికలోనే ఉంటుంది. జడ్జి ఇచ్చేది డైవ్ ఎంత బాగా చేశారన్న మార్కు మాత్రమే. అది సున్నా నుంచి పది దాకా, అర మార్కు చొప్పున.

ఏడుగురు జడ్జీలు 6.5, 7.5, 7.5, 8, 8, 8, 8.5 ఇచ్చారనుకో. పై రెండూ, కింది రెండూ కొట్టేస్తే 7.5, 8, 8 మిగులుతాయి. మొత్తం 23.5. కష్టం అంకె 3.4 అయితే, దానితో గుణిస్తే స్కోరు 79.90. ఇంకొకరు 2.8 డైవ్‌ను చాలా శుభ్రంగా చేసి, మిగిలిన మూడూ తొమ్మిదులే తెచ్చుకున్నా 75.60 దగ్గరే ఆగుతారు. నీకు అన్యాయం అనిపించింది బహుశా ఇదే. పైగా నీళ్లు చిమ్మడం ఒక్క భాగమే. పరుగు, ఎగరడం, గాల్లో కాళ్లు బిగించి ఉండడం, నీటిలోకి నిటారుగా దిగడం అన్నీ చూడాలి. పది మీటర్ల నుంచి దూకితే ఇదంతా రెండు సెకన్లలోపు అయిపోతుంది!

ఆ 6.5 ఇచ్చిన జడ్జి కక్షతో 3 ఇచ్చినా స్కోరు మారదు, లెక్క వేసి చూడు. కానీ ఏడుగురికీ ఒకే రకమైన ఇష్టం ఉంటే ఈ కొట్టివేత దాన్ని ఆపలేదు. అసలు లోపం అక్కడుంది.

జిమ్నాస్టిక్స్‌లో గుణించరు, కూడతారు. చేసిన విన్యాసాల కష్టానికి ఒక స్కోరు, పది నుంచి తప్పులు తీసేయగా మిగిలింది ఇంకో స్కోరు. చిన్న తప్పుకు 0.1, తర్వాత 0.3, 0.5, పడిపోతే పూర్తిగా 1. దిగేటప్పుడు పడిన అడుగు చిన్నదా పెద్దదా అన్న దగ్గర ఇద్దరు నిజాయితీపరులు కూడా తేడా పడతారు. దాని గురించి నేను గొడవపడను.

నేనైతే ముందు కష్టం స్కోరునే చూస్తాను. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ నాటికి కష్టానికి వేరే స్కోరు లేదు, తప్పులు ఏ అంకె నుంచి తీసేయాలన్నదే కష్టాన్ని బట్టి ఉండేది. అక్కడ దక్షిణ కొరియా జిమ్నాస్ట్ యాంగ్ తే-యంగ్ ప్యారలల్ బార్స్ విన్యాసాన్ని 10కి బదులు 9.9 నుంచి మొదలుపెట్టి లెక్కించారు. ఆల్‌రౌండ్‌లో ఆయన స్వర్ణానికి 0.049 దూరంలో కాంస్యంతో ఆగిపోయారు. పొరపాటు జరిగిందని అంతర్జాతీయ సమాఖ్యే ఒప్పుకుంది, కానీ ఫలితం మారలేదు. అక్కడ దెబ్బతీసింది ఎవరి అభిరుచీ కాదు, విన్యాసం విలువ కట్టడంలో తప్పు.

ఈసారి చూసేటప్పుడు స్కోరు తెర మీదికి రాకముందే నీ మార్కు ఒక కాగితం మీద రాసుకో. తర్వాత నాకు పంపు.

మీ మామయ్య