'రా' అనడం ఎప్పుడు ఆగిపోయిందో చూసుకోండి

ప్రశ్న: హైదరాబాద్‌లో మూడేళ్లుగా నాకో క్లోజ్ ఫ్రెండ్ ఉంది. ఈ మధ్య తనకి ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని తెలిసినప్పటి నుంచి నా మనసు బాగుండటం లేదు. ఇది స్నేహమా, ప్రేమా? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? ఎలా తెలిసింది?

నాకు జరిగింది. చిక్కడపల్లిలో, సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో, గ్రూప్-2కి చదువుకునే రోజుల్లో. తన పేరు రాయను, 'తను' అనే రాస్తాను.

2016 మొదట్లో సూర్యాపేట నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో లేడీస్ హాస్టల్లో చేరాను. తనది జగిత్యాల వైపు. నలుగురు కుర్రాళ్లతో కలిసి దోమలగూడలో రూమ్. లైబ్రరీ లోపల సీటు దొరకడం కష్టం, అందుకని మాలాంటి చాలామంది బయట చెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని చదివేవాళ్లం. పొద్దున్నే వచ్చినవాళ్లు కుర్చీ మీద పుస్తకమో టవలో పెట్టి వెళ్తే ఆ కుర్చీ వాళ్లదే. ఎవరూ కదిలించరు. మా హాస్టల్లో టిఫిన్ ఆలస్యం, నేను వచ్చేసరికి కుర్చీలు అయిపోయేవి. తను రెండు కుర్చీలు ఆపడం మొదలుపెట్టాడు. అలా కలిశాం.

ఆ ఏడాదంతా నేను తనని 'ఒరేయ్' అనేదాన్ని, తను నన్ను 'ఏమే' అనేవాడు. ఎకానమీ నాకు బాగా వచ్చు, తెలంగాణ ఉద్యమం పేపర్ తనకి కంఠతా వచ్చు. సాయంత్రాలు ఒకరినొకరు బిట్లు అడుక్కునేవాళ్లం. ముల్కీ నిబంధనలు ఎప్పుడు? 1919. పెద్దమనుషుల ఒప్పందం? 1956. 610 జీవో? 1985. తప్పు చెప్పినవాళ్లు టీ డబ్బులివ్వాలి. ఎక్కువసార్లు నేనే ఇచ్చాను. ఆడా మగా స్నేహంగా ఉండలేరని కొందరు పెద్దమనుషుల్లా చెబుతుంటారు. ఆ మాట నేను ఎప్పటికీ ఒప్పుకోను. మేం పది నెలలు అచ్చంగా స్నేహితులమే, అందులో దాచిపెట్టిన ప్రేమ ఏదీ లేదు. ఉంటే ఆ తర్వాత వచ్చిన మార్పు నాకు అంత స్పష్టంగా తెలిసేది కాదు.

పరీక్ష నవంబర్ 11, 13 తేదీల్లో. నవంబర్ 8 మంగళవారం రాత్రి ఐదువందలు, వెయ్యి నోట్లు రద్దయ్యాయి. బయట ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉన్నవాళ్ల పరిస్థితి ఆ మూడు రోజులు ఎలా ఉందో అక్కడున్నవాళ్లకే తెలుసు. మా నాన్న నెలకోసారి చేతికిచ్చే డబ్బు అంతా ఐదువందల నోట్లే. నా పర్సులో రెండు ఐదువందల నోట్లు, నలభై రూపాయల చిల్లర మిగిలాయి. నా సెంటర్ ఇబ్రహీంపట్నం దారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. కోఠి దాకా ఆటో, అక్కడి నుంచి బస్సు, మెయిన్ రోడ్డు నుంచి మళ్లీ షేర్ ఆటో. బస్సుల్లో పాత నోటు తీసుకుంటారని టీవీలో చెప్పారు కానీ, పొద్దున్నే కండక్టర్ దగ్గర ఐదువందలకి చిల్లర ఎక్కడ ఉంటుంది? టిఫిన్ బండి దగ్గర, జిరాక్స్ షాపు దగ్గర, అందరిదీ ఒకటే మాట, 'వందలుంటే ఇయ్యండి.'

టెన్షన్‌లో ఆ మాట తనతో కూడా అన్నాను. 'ఒరేయ్, ఎల్లుండి సెంటర్‌కి నడిచిపోవాలేమోరా' అని. అంతే. సాయం అడగలేదు.

మర్నాడు 10వ తేదీ, పరీక్షకి ముందు రోజు. తను లైబ్రరీకి రాలేదు. నా కుర్చీ మీద మాత్రం తన టవల్ ఉంది. అందరూ కరెంట్ అఫైర్స్ చివరిసారి తిరగేస్తుంటే వీడు రూమ్‌లో నిద్రపోతున్నాడా అని నాకు కోపం. ఫోన్ చేస్తే ఎత్తలేదు. సాయంత్రం నాలుగున్నర దాటాక వచ్చాడు. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయి ఉంది, బొటనవేలికి పెన్ను సిరా మరక. పొద్దున్నుంచి బ్యాంకు లైన్లో నిలబడ్డాడట. ఐడీ ప్రూఫ్ జిరాక్స్ ఇచ్చి, ఫారం నింపితే ఒక మనిషికి నాలుగు వేల దాకా మార్చి ఇస్తున్నారు. రూమ్ అద్దె కోసం దాచిన ఎనిమిది నోట్లు పట్టుకెళ్లి నిలబడితే, ఒక రెండువేల నోటు, ఇరవై వందలు చేతికి వచ్చాయి.

ఆ ఇరవై వందలూ నాకు ఇచ్చాడు. రెండువేల నోటు తను ఉంచుకున్నాడు. ఆ రోజుల్లో రెండువేల నోటుకి చిల్లర ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు, అంటే అది చేతిలో ఉన్నా లేనట్టే. ఈ సంగతి నాకు అప్పుడు తట్టలేదు, పదమూడో తేదీ తర్వాత తన రూమ్మేట్ చెబితే తెలిసింది. మొదటి రోజు పరీక్షకి తను దోమలగూడ నుంచి సికింద్రాబాద్ దాటి సెంటర్ దాకా నడిచే వెళ్లాడు.

డబ్బు ఒక కాగితంలో చుట్టి ఇచ్చాడు. హాస్టల్‌కి వచ్చి విప్పి చూస్తే అది తన నాలుగో పేపర్ రివిజన్ షీట్. 1919 నుంచి 2014 దాకా తేదీలన్నీ ఒకే కాగితం మీద, నల్ల సిరాతో, ముఖ్యమైనవాటి కింద ఎర్ర గీతలు. నాకు జిరాక్స్ ఇవ్వమని నెల రోజులుగా అడుగుతున్న షీట్ అదే. జిరాక్స్ కాదు, అసలు కాగితమే ఇచ్చేశాడు.

అప్పుడు ఫోన్ చేశాను. 'ఎందుకురా, రేపు పరీక్ష పెట్టుకుని రోజంతా లైన్లో నిలబడ్డావ్' అని తిట్టాలని. తను 'హలో' అన్నాడు. నా నోట్లోంచి 'తిన్నావా?' అని వచ్చింది. అంతకుముందు రోజుకి పదిసార్లు అడిగిన మాటే అది, కానీ ఎప్పుడూ 'తిన్నావారా' అనే అడిగేదాన్ని. 'రా' ఎక్కడికో పోయింది. అటు నుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత 'తిన్నాను, నువ్వు తిన్నావా?' అన్నాడు. 'ఏమే' లేదు.

నా నమ్మకం ఇదే, ఎవరేమన్నా మార్చుకోను. స్నేహం ప్రేమగా మారితే మనసు కంటే ముందు నాలుకకి తెలుస్తుంది. మన భాషలో ఆ సౌకర్యం ఉంది. 'రా', 'ఏమే' అనేవి బరువులేని చనువు. ఎదుటి మనిషి బరువు తెలిసిన రోజున అవి నోటికి రావు. సినిమాల్లో చూపించే ఒక్క చూపు, ఒక్క వర్షం, వెనక వయొలిన్లు, ఇవన్నీ చూసి పెరిగి మనవాళ్లు నిజంగా జరిగే మార్పుని గుర్తుపట్టలేకపోతున్నారు. అది ఇంత చిన్నగా ఉంటుంది.

అయినా ఆ రాత్రి నేను ప్రేమ అనుకోలేదు. కృతజ్ఞత అనుకున్నాను. పరీక్ష అయిపోయింది, విషయం కోర్టు మెట్లెక్కింది, ఫలితాలు ఎప్పటికో తేలతాయన్నారు. వేరే నోటిఫికేషన్లకి చదువుతూ అక్కడే ఉండిపోయాం. మళ్లీ అవే కుర్చీలు. మెట్రో పిల్లర్ల పనితో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ అంతా దుమ్ము, పుస్తకం తెరిస్తే పేజీల మధ్య దుమ్ము. చుట్టుపక్కల వాళ్లు 'మీ ఇద్దరూ ఎప్పుడు చెప్తారు' అని ఆటపట్టించడం మొదలుపెట్టారు. అలాంటివాళ్లంటే నాకు ఇప్పటికీ కోపమే. వాళ్ల మాటలకి జంకి మేం రెండు నెలలు సరిగా మాట్లాడుకోలేదు. ఇద్దరు మనుషుల మధ్య ఏదైనా మెల్లగా పండుతుంటే, దాన్ని నొక్కి చూసేవాళ్లే దాన్ని పాడుచేస్తారు.

2017 ఎండాకాలంలో నాకు సంబంధం వచ్చింది. హాస్టల్లో అందరికీ చెప్పాను, మెస్‌లో వంట చేసే అక్కకి కూడా చెప్పాను. తనకి చెప్పలేదు. మెస్‌లో వంకాయ కూర మాడితే కూడా తనకి చెప్పే నేను, పెళ్లిచూపుల సంగతి చెప్పలేదు. 'ఊరికి పోతున్నా, పనుంది' అని మెసేజ్ పెట్టి సూర్యాపేట వెళ్లాను. పదకొండు రోజులు అక్కడే ఉన్నాను. అబ్బాయి మంచివాడు, వంక పెట్టడానికి ఏమీ లేదు. అమ్మ 'ఏమంటవ్ బిడ్డా' అని అడిగితే, నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఈ మాట తనకి ఎలా చెప్పాలి అని. అప్పుడు తెలిసింది. స్నేహితుడైతే ముందు తనకే చెప్పేదాన్ని కదా. వద్దన్నాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పన్నెండో రోజు పొద్దున తొమ్మిదింటికి లైబ్రరీకి వెళ్లాను. కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. మా చెట్టు కింద ఒకటి మాత్రం ఖాళీ, దాని మీద తన టవల్. పక్కన తను లేడు, టీకి వెళ్లాడేమో. అక్కడ రోజూ ఊడ్చే పెద్దమ్మ నన్ను చూసి, 'వచ్చినవా బిడ్డా, ఆ పిలగాడు రోజూ నీ కుర్చీ మీద తువ్వాల ఏసి పెడుతుండు, ఎవ్వర్నీ కూసోనిస్తలేడు' అంది.

తను వచ్చాడు. నన్ను చూసి టవల్ తీసి మడిచాడు. చాలాసేపు మడిచాడు.

'కుదిరిందా?' అన్నాడు. ఎవరో చెప్పేశారన్నమాట.

'లేదు. వద్దన్నాను.'

'ఎందుకు?'

'నీకు చెప్పకుండా వెళ్లాను కదా. అందుకే.'

తనకి అర్థమైంది. వెంటనే తన సంగతి చెప్పాడు. బెంగళూరులో ఒక ప్రైవేటు ఉద్యోగం నెల క్రితమే వచ్చిందట, చేరాల్సిన తేదీ దాటిపోయిందట. నేను ఊరెళ్లేదాకా రోజూ నా పక్కన కూర్చుని కూడా నాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఒకరికొకరం దాచినవి అవి రెండే. బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కుకి నడిచి వెళ్లి, మూడు రౌండ్లు తిరిగి, మిగతాది మాట్లాడుకున్నాం. ప్రేమ అనే మాట ఇద్దరం అనలేదు.

ఆ తర్వాత కులం, ఇళ్లలో గొడవ, రెండేళ్ల ఎదురుచూపు, అదంతా వేరే ప్రశ్నకి జవాబు.

మీ సంగతికి వస్తే, సంబంధాలు చూస్తున్నారని 'తెలిసింది' అని రాశారు. తనే చెప్పిందా, ఇంకెవరైనా చెప్పారా? తనే అందరికంటే ముందు మీకు చెప్పి ఉంటే, తన వైపు నుంచి అది స్నేహమే కావచ్చు. అప్పుడు మీరు చెప్పినా స్నేహం మునుపటిలా ఉండదు, ఆ నష్టానికి సిద్ధపడే చెప్పండి. మీకు తప్ప మిగతా అందరికీ చెప్పి ఉంటే మాత్రం, ఆలస్యం చేయకుండా వెళ్లి అడగండి. తను మిమ్మల్ని 'రా' అనడం ఈ మధ్య మానేసిందా? అది గుర్తుంటే కింద రాయండి, మిగతాది మాట్లాడుకుందాం.

ఆ రివిజన్ షీట్ నా సర్టిఫికెట్ల ఫైల్లో ఉంది. ఆ ఇరవై వందలు చుట్టిన మడతలు ఇంకా పోలేదు.