రెండు పాయింట్ల గాస్ పద్ధతిలో 1/√3 ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: గాస్ రెండు పాయింట్ల ఫార్ములా బట్టీ పట్టేశాను కానీ ఆ 1/√3 ఏంటో అర్థం కావట్లేదు. రెండు పాయింట్లతోనే డిగ్రీ 3 దాకా కరెక్ట్‌గా ఎలా వస్తుంది? లిమిట్స్ 1 నుంచి 2 ఉంటే ఏం చేయాలి?

జవాబు: నేను బీటెక్ పిల్లలకు న్యూమరికల్ మెథడ్స్ చెప్తుంటాను, క్లాసులో ఎలా మొదలుపెడతానో ఇక్కడా అలాగే చెప్తాను.

ట్రెపిజాయిడల్ రూల్‌లో కూడా పాయింట్లు రెండే. కానీ అవి ఇంటర్వల్ చివర్లలోనే ఉండాలని ముందే కట్టేసుకుంటాం కాబట్టి సరళరేఖ దాటితే తప్పొస్తుంది. గాస్ 1814లో ఆ కట్టు తీసేశాడు. పాయింట్లు ఎక్కడ పెట్టాలో కూడా మనమే తేల్చుకుంటే రెండు పాయింట్లు, రెండు వెయిట్లు కలిపి నాలుగు తెలియని రాశులు చేతికొస్తాయి. నాలుగు ఉన్నాయంటే నాలుగు షరతులు పెట్టొచ్చు. ఇంటిగ్రల్‌ని w1·f(t1) + w2·f(t2) అని రాసి, [-1, 1] మీద 1, t, t², t³ నాలుగింటికీ జవాబు కచ్చితంగా రావాలని అడుగుదాం:

```
w1 + w2 = 2
w1·t1 + w2·t2 = 0
w1·t1² + w2·t2² = 2/3
w1·t1³ + w2·t2³ = 0
```

సున్నాకి అటూ ఇటూ సమానంగా t1 = -t2, వెయిట్లు రెండూ 1 అనుకుంటే ఒకటి, రెండు, నాలుగు సమీకరణాలు వాటంతటవే సరిపోతాయి. మిగిలిన మూడోది 2t² = 2/3 అవుతుంది, అంటే t = ±1/√3, సుమారు ±0.57735. మీరు అడిగిన సంఖ్య పుట్టింది ఇక్కడే. ఒక పాలినామియల్‌కి సరిపోతే దాని గుణిజాలకీ, కూడికలకీ సరిపోతుంది కాబట్టి డిగ్రీ 3 వరకు ఏ పాలినామియల్ ఇచ్చినా జవాబు కచ్చితమే.

మరి 4 ఎందుకు రాదు? (t² - 1/3)² తీసుకోండి. రెండు పాయింట్ల దగ్గరా దీని విలువ సున్నా, కాబట్టి ఫార్ములా సున్నా అంటుంది. కానీ మిగతా అంతటా అది పాజిటివ్, అసలు ఇంటిగ్రల్ 8/45. పాయింట్లు ఎక్కడికి జరిపినా (t-t1)²(t-t2)² అనే ఇలాంటి ఫంక్షన్ ఒకటి అడ్డం పడుతుంది. అందుకే రెండు పాయింట్లకి 3 దాటడం ఎవరి వల్లా కాదు.

ఇక లిమిట్స్ మార్చడం. [a, b]ని [-1, 1]కి తేవాలంటే x = (a+b)/2 + (b-a)t/2 అని పెట్టాలి. అప్పుడు dx = (b-a)/2 · dt. పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇక్కడే: x మారుస్తారు, బయట (b-a)/2తో గుణించడం వదిలేస్తారు. పట్టుకోవడం తేలిక. మీరు రాసిన ఫార్ములాలో f = 1 వేయండి. b-a రాకపోతే ఎక్కడో పోయినట్టే.

మీ లిమిట్స్‌తోనే 1/x తీసుకుందాం. అసలు జవాబు ln 2 = 0.693147. x = 1.5 + 0.5t కాబట్టి పాయింట్లు 1.211325, 1.788675.

```
1/1.211325 = 0.825542
1/1.788675 = 0.559073
0.5 × (0.825542 + 0.559073) = 0.692308
```

తేడా 0.00084. అదే రెండు పాయింట్ల ట్రెపిజాయిడల్ 0.75 ఇస్తుంది. మూడు పాయింట్ల సింప్సన్ 0.694444 ఇస్తుంది, అంటే తేడా 0.0013. ఒక పాయింట్ తక్కువ వాడి కూడా గాస్ దగ్గరగా వచ్చాడు. ఇది ఈ లెక్కలో అదృష్టం కొద్దీ జరిగింది కాదు. గాస్ ఎర్రర్ (b-a)⁵ f⁗(ξ)/4320, సింప్సన్‌ది గుర్తు మారి (b-a)⁵ f⁗(ξ)/2880, అంటే దాదాపు మూడింట రెండు వంతులు. రెండు జవాబులూ అసలు విలువకి చెరో వైపు పడటం కూడా ఆ గుర్తు వల్లే.

అయితే ఆ ఎర్రర్ ఫార్ములాలో నాలుగో డెరివేటివ్ ఉందని మర్చిపోవద్దు. ఫంక్షన్‌కి మధ్యలో మూల ఉంటే ఆ లెక్క పనిచేయదు. [-1, 1] మీద |t| చూడండి: అసలు జవాబు 1, ఫార్ములా 1.1547 ఇస్తుంది, ఏకంగా 15 శాతం తేడా. దీన్నే సున్నా దగ్గర రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి విడిగా లిమిట్స్ మార్చి వేస్తే ఎర్రర్ సున్నా, ఎందుకంటే ఒక్కో ముక్కలో అది మామూలు సరళరేఖే. మూల ఎక్కడుందో తెలియనప్పుడు మొత్తం ఇంటర్వల్‌కి ఒకసారి, రెండు సగాలకి విడివిడిగా ఒకసారి చేసి పోల్చండి. 1/x లెక్కలో సగాలుగా చేస్తే 0.693077 వస్తుంది, తేడా పన్నెండో వంతుకి పడిపోయింది. సగం చేసినా తేడా అంతగా తగ్గట్లేదంటే ఫంక్షన్‌లో ఏదో తేడా ఉందని అనుమానించాలి.

ల్యాబ్‌లో సమాన దూరాల్లో తీసిన రీడింగుల టేబుల్ మాత్రమే ఉంటే ఈ పద్ధతి జోలికి పోకండి. 1.211325 దగ్గర రీడింగ్ మీ దగ్గర ఉండదు, అక్కడ సింప్సనే సుఖం.