తిరిగింది తక్కువే, కానీ బెల్ట్ గడువు దాటింది

"మియాపూర్‌లో 2015 డస్టర్ డీజిల్ చూశాను. 58,000 తిరిగింది. లక్ష దాకా టైమింగ్ బెల్ట్ గొడవే లేదంటున్నాడు ఓనర్. నమ్మొచ్చా?"

నమ్మొద్దన్నా. మాన్యువల్‌లో కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా ఉంటాయి, ఏది ముందొస్తే అదే గడువు. లక్ష లేదా ఆరేళ్లు అని ఉందనుకో, ఈ బండికి 2021లోనే అయిపోయింది. బండి నిలబెట్టినా రబ్బరు పాతబడుతుంది. పైగా తెగేముందు చాలాసార్లు చప్పుడే ఉండదు. తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి, హెడ్ విప్పాల్సి వస్తుంది. కొన్ని ఇంజన్లలో బెల్ట్ బదులు చైన్ ఉంటుంది, దానికైతే సాధారణంగా ఇలాంటి గడువుండదు. సాగితే పొద్దున్నే స్టార్ట్ చేయగానే గలగలమంటుంది.

మార్చిన తేదీ, రీడింగ్ ఉన్న బిల్లు అడుగు. "మార్పించా" అన్న మాట బిల్లు కాదు. బిల్లు లేకపోతే బెల్ట్, టెన్షనర్, వాటర్ పంప్ (అదీ ఆ బెల్ట్‌తోనే తిరుగుతుంది) కలిపి కొటేషన్ తీసుకుని ధరలో తగ్గించమను. కొన్నాక ముందు ఆ పని, తర్వాతే విజయవాడ ట్రిప్.