గంటలు పెంచినా మాక్ మార్కులు కదలనప్పుడు

ప్రశ్న: బెంగళూరులో జాబ్ చేస్తూ గేట్ సీఎస్‌కి ప్రిపేర్ అవుతున్నాను. రోజూ ఐదు గంటలు చదువుతున్నా ఆరు వారాలుగా మాక్ మార్కులు అక్కడే ఉన్నాయి. ఏం చేయాలి?

నేనూ మారతహళ్ళిలో పీజీలో ఉంటూ, ఆఫీసుకు వెళ్తూనే గేట్ రాశాను. ఒక దశలో వరసగా ఐదు మాక్‌లలో 46, 44, 47, 45, 46 వచ్చాయి. చదువు చాలట్లేదనుకుని రాత్రి ఒంటిగంట దాకా వీడియోలు చూడటం మొదలుపెట్టాను. అయినా మార్కులు పెరగలేదు. మార్కులు పోతున్నది ఒకచోట, నేను కష్టపడుతున్నది ఇంకోచోట అని తర్వాత అర్థమైంది.

ముందు కొత్త మాక్ రాయడం ఆపి, చివరిగా రాసినదాన్ని తెరవండి. సొల్యూషన్ మాత్రం చూడొద్దు. తప్పైనవి, వదిలేసినవి అన్నీ మర్నాడు కాగితం మీద టైమర్ లేకుండా మళ్ళీ చేయండి. మాక్ అవ్వగానే సొల్యూషన్ చూస్తే ప్రతిదీ ‘ఇది నాకు తెలిసిందే’ అనిపిస్తుంది. తెలిసి తప్పు చేశారో, తెలియక చేశారో ఇక తేల్చుకోలేరు.

నా చివరి మాక్ లెక్క చెప్తాను. సరైన జవాబులకు 50 మార్కులు వచ్చాయి. రెండు మార్కుల ఎంసీక్యూలు ఆరు తప్పాయి, ఒక్కోదానికి 2/3 చొప్పున 4 మార్కులు కోత పడి 46 మిగిలింది. రాని 50 మార్కుల ప్రశ్నలను మళ్ళీ చేసి చూస్తే, అసలు మొదలుపెట్టడమే తెలియనివి 14 మార్కులవి. టైమ్ లేక చూడకుండా వదిలేసినవి 12. మిగతా 24 మార్కులవి ప్రశాంతంగా కూర్చుంటే చేయగలిగినవే. నేను చదివే గంటలన్నీ ఆ 14 మార్కుల కోసమే ఖర్చవుతున్నాయి!

ఆ 24లో ఒకటి ఇప్పటికీ గుర్తుంది. 32 బిట్ల అడ్రస్, 16 కేబీ డైరెక్ట్ మ్యాప్డ్ క్యాష్, 64 బైట్ల బ్లాక్. ట్యాగ్‌ల కోసం ఎంత మెమరీ కావాలి అని అడిగాడు. లైన్లు 256, ఆఫ్‌సెట్ 6 బిట్లు, ఇండెక్స్ 8, ట్యాగ్ 18. 256ని 18తో గుణించి 4608 అని టైప్ చేశాను. ప్రశ్న అడిగింది బైట్లలో, అంటే 576. న్యూమరికల్ కాబట్టి నెగటివ్ పడలేదు, కానీ 2 మార్కులు పోయాయి. క్యాష్ వీడియో ఇంకో పదిసార్లు చూసినా ఈ తప్పు పోదు. అప్పటి నుంచి ప్రశ్న చదవగానే, ఏ యూనిట్‌లో, ఎన్ని దశాంశాల దాకా అడిగాడో రఫ్ షీట్‌లో ముందే రాసుకుని, ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టేవాణ్ణి.

టైమ్ లేక పోయిన 12 మార్కులకు కారణం వేరే. 180 నిమిషాల్లో 65 ప్రశ్నలంటే ఒక్కోదానికి మూడు నిమిషాలు కూడా రావు. నేను కొన్నిటి మీద ఎనిమిది నిమిషాలు కూర్చున్నాను. మాక్ రిపోర్టులో ప్రశ్నకు ఎంత సమయం పట్టిందో ఉంటే అది తప్పకుండా చూడండి. మూడున్నర నిమిషాలకు దారి దొరక్కపోతే `Mark for Review & Next` నొక్కి ముందుకు వెళ్ళాలని నియమం పెట్టుకున్నాను. మొదటి రెండు మాక్‌లలో మనసు ఒప్పుకోలేదు, మూడోసారికి అలవాటైంది.

ఇంకొకటి, మాక్ రాసే వేళ. ఆఫీసు నుంచి సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి వచ్చి రాత్రి పదింటికి రాసేవాణ్ణి. నా రూమ్మేట్, కర్నూలు అబ్బాయి, ‘పరీక్ష ఉండేది పగలు కదన్నా, నువ్వు రాత్రి రాస్తావేంది?’ అన్నాడు. గేట్ ఉదయం సెషన్ 9:30కి మొదలవుతుంది. ఆదివారం అదే టైముకి రాయడం మొదలుపెట్టాను, అదీ వారానికి ఒక్కటే. రాయడానికి మూడు గంటలైతే, తప్పులు చూసుకోవడానికి ఐదు గంటలు కేటాయించాను. కాలిక్యులేటర్ కూడా స్క్రీన్ మీద ఉన్నదే వాడాను, ఎందుకంటే హాల్లోకి మనది తీసుకెళ్ళనివ్వరు.

తర్వాత వచ్చినవి 49, 47, 53, 55. రెండో వారం తగ్గింది చూడండి, ఆ పేపర్ కష్టం. అందుకే మార్కుతో పాటు, తెలిసి పోగొట్టుకున్నవి ఎన్నో కూడా రాసుకునేవాణ్ణి. ఆ అంకె 24 నుంచి 11కి దిగింది.

మీరు మళ్ళీ చేసినప్పుడు ఎక్కువ ప్రశ్నలు మొదలుపెట్టడమే రాకపోతే మాత్రం ఈ పద్ధతి మీకు సరిపోదు. అప్పుడు రెండు వారాలు మాక్‌లు పక్కనపెట్టి, ఎక్కువ మార్కులు పోతున్న ఒక్క సబ్జెక్టు తీసుకుని, అందులోని పాత గేట్ ప్రశ్నలు వరసగా చేయండి. మీ చివరి మాక్‌లో ఈ మూడు లెక్కలు ఎలా వచ్చాయో ఇక్కడ రాస్తే, ఎక్కడ మొదలుపెట్టాలో కలిసి చూద్దాం.