గల్ఫ్ నుంచి శాశ్వతంగా వచ్చేశాక ఎన్నార్ఈ ఖాతా, డాలర్ డిపాజిట్ ఏం చేయాలి?

ప్రశ్న: దుబాయ్‌లో 14 ఏళ్లు చేసి 2025 ఆగస్టు 20న కరీంనగర్ వచ్చేశాను, మళ్లీ వెళ్లే ఆలోచన లేదు. ఎన్నార్ఈ సేవింగ్స్‌లో 6 లక్షలు, 7 శాతానికి 20 లక్షల ఎన్నార్ఈ ఎఫ్‌డీ, 2027 సెప్టెంబరుకు మెచ్యూర్ అయ్యే 40,000 డాలర్ల ఎఫ్‌సీఎన్‌ఆర్ ఉన్నాయి. అద్దె ఎన్నార్వోలో పడుతుంది. కంపెనీ నుంచి గ్రాట్యుటీ ఇంకా రావాలి. బ్యాంకులో ‘ఏడాది ఆగి మార్చుకోండి, తొందరేం లేదు’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదండీ. ఈ విషయంలో రెండు చట్టాలు ఉన్నాయి, ‘నివాసి’ అనే మాటకు రెండూ వేర్వేరు అర్థాలు చెప్తాయి. చిక్కంతా అక్కడే. విదేశీ మారకద్రవ్య చట్టం, అదే ఫెమా, ప్రకారం ఇక్కడే ఉండిపోయే ఉద్దేశంతో దిగితే దిగిన రోజు నుంచే మీరు నివాసి. 182 రోజులు ఆగేది లేదు. ఆ రోజుల లెక్క ఆదాయపు పన్ను చట్టానిది. ‘ఏడాది ఆగండి’ అనేవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తున్నారు.

దీని ప్రభావం ముందు ఎన్నార్ఈ మీద పడుతుంది. ఎన్నార్ఈ వడ్డీకి పన్ను మినహాయింపు ఫెమా ప్రకారం ప్రవాసిగా ఉన్నవాళ్లకే. అంటే మీకు ఆగస్టు 20తో అది అయిపోయింది. అప్పటి నుంచి మార్చి 31 దాకా 224 రోజులు. 20 లక్షల మీద 7 శాతం చొప్పున సుమారు 86,000 రూపాయల వడ్డీ మీ ఆదాయంలో కలుస్తుంది. ఖాతా మార్చకపోతే బ్యాంకు టీడీఎస్ కోయదు, స్టేట్‌మెంట్‌లోనూ ఏమీ తేడా కనిపించదు. అందుకే చాలామంది పన్ను లేదనే అనుకుంటారు. మొత్తం ఆదాయం 12 లక్షల లోపుంటే కొత్త పద్ధతిలో రిబేటు వల్ల పన్ను సున్నా కావచ్చు. అయినా రిటర్నులో చూపాల్సిందే.

ఎఫ్‌సీఎన్‌ఆర్ సంగతి వేరు. దాని వడ్డీ మినహాయింపు పన్ను చట్టంలోని హోదాను బట్టి ఉంటుంది. నివాసి అయినా ‘సాధారణ నివాసి కాదు’, అదే ఆర్‌ఎన్‌వోఆర్, అనే హోదాలో ఉన్నంతకాలం ఆ వడ్డీకి పన్ను లేదు. డిపాజిట్‌ను మెచ్యూరిటీ దాకా ఒప్పుకున్న రేటుకే ఉంచుకోవచ్చు కూడా. అందుకని తొందరపడి దాన్ని విరవకండి. బ్యాంకుకు హోదా మారిందని రాసిచ్చి, ఆటో రెన్యువల్ మాత్రం తీయించండి. నివాసి అయ్యాక దాన్ని మళ్లీ ఎఫ్‌సీఎన్‌ఆర్‌గా రెన్యువల్ చేయకూడదు.

ఇప్పుడు ఆ హోదా మీకెన్నాళ్లు ఉంటుందో చూద్దాం. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు ప్రవాసి అయితే చాలు అనే మొదటి సూత్రం మీకు 2025-26, 2026-27 రెండేళ్లకూ సరిపోతుంది. 2027-28కి అది పనికిరాదు, ఎందుకంటే అప్పటికి పదిలో ప్రవాస సంవత్సరాలు ఎనిమిదే. మిగిలేది రెండో సూత్రం: అంతకుముందు ఏడేళ్లలో ఇండియాలో ఉన్న రోజులు 729 దాటకూడదు. ఆ ఏడేళ్లలో 2025-26కి 224 రోజులు (ఆగస్టుకు ముందు రాలేదనుకుంటే), 2026-27కి 365 రోజులు, కలిపి 589. ఇక మిగిలింది 140. అంటే 2020 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా అయిదేళ్లలో మీ సెలవు రోజులన్నీ కలిపి 140 లోపుంటే 2027-28 కూడా కలిసొస్తుంది. ఏటా నెల చొప్పున వచ్చి ఉంటే 150 అవుతాయి, పది రోజుల తేడాతో పోతుంది. పాస్‌పోర్టు ముద్రలు తీసి లెక్కపెట్టండి. వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెంటినీ కలుపుకోవడం క్షేమం.

మీ డిపాజిట్ సరిగ్గా ఆ ఏడాదిలోనే మెచ్యూర్ అవుతోంది. అది వడ్డీ పోగయ్యే రకమైతే ఏటా మార్చి నాటి వడ్డీ సర్టిఫికెట్ తీసుకుని, ఆ ఏడాది రిటర్నులోనే మినహాయింపు ఆదాయంగా చూపుతూ రండి. లేకపోతే ఇన్నేళ్ల వడ్డీ అంతా 2027-28 ఆదాయమే అన్న వాదన రావచ్చు.

ఇక బ్యాంకు పని. వరస తప్పితే వెనక్కి తిప్పడం కష్టం. ఎన్నార్ఈ డబ్బును రెసిడెంట్ ఖాతాలోకి కలిపితే విదేశాలకు స్వేచ్ఛగా పంపే వీలు పోతుంది, తర్వాత ఏటా రెండున్నర లక్షల డాలర్ల పరిమితిలోకి వస్తారు. ఆ వీలు కావాలంటే ముందు ఆర్‌ఎఫ్‌సీ ఖాతా తెరవాలి. ఇది తిరిగొచ్చినవాళ్లు డాలర్లలోనే ఉంచుకునే ఖాతా, అందులోని డబ్బు వాడకానికి ఆంక్షలు లేవు. వడ్డీకి కూడా ఎఫ్‌సీఎన్‌ఆర్ మినహాయింపే వర్తిస్తుంది. అడిగేటప్పుడు ‘ఆర్‌ఎఫ్‌సీ’ అని స్పష్టంగా అడగండి. ‘ఆర్‌ఎఫ్‌సీ డొమెస్టిక్’ అని ఇంకోటుంది, అది వడ్డీ రాని కరెంటు ఖాతా, చిన్న బ్రాంచిల్లో దాని ఫారం చేతిలో పెడతారు. మామూలు బ్రాంచిలో పని జరగకపోతే ఫారెక్స్ చూసే బ్రాంచికి వెళ్లండి.

మీ గ్రాట్యుటీ కూడా ఆర్‌ఎఫ్‌సీలోకే తెప్పించుకోవచ్చు, విదేశీ యజమాని ఇచ్చే సొమ్మును అందులో జమ చేసే వీలుంది. ఇకమీదట ఎన్నార్ఈలోకి మాత్రం కొత్తగా ఏదీ రానివ్వకండి.

నా అభిప్రాయంలో ఎన్నార్ఈలో ఉన్న రూపాయలను మళ్లీ డాలర్లు చేయడం, పిల్లల చదువు లాంటి విదేశీ ఖర్చు ఉంటే తప్ప, దండగ. కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ బ్యాంకు మార్జిన్ పోతుంది. సేవింగ్స్‌నూ ఎఫ్‌డీనీ రెసిడెంట్‌గా మార్చేయండి. పూర్తి గడువు దాకా ఉంచితే ఎఫ్‌డీకి పాత రేటే ఇస్తారు, విరవనక్కర్లేదు. ఎన్నార్వో కూడా రెసిడెంట్ అయితే, వడ్డీ మీద 31.2 శాతం కోత పోయి, ఏడాది వడ్డీ 50,000 దాటితే 10 శాతమే కోస్తారు. ఈ ఏడాది ఎక్కువ కోసింది రిటర్నులో వాపసు అడగండి.

పట్టుకెళ్లాల్సినవి: వచ్చిన తేదీ ముద్ర ఉన్న పాస్‌పోర్టు పేజీ, రద్దయిన వీసా, పాన్, ఆధార్, ఫొటోలు, హోదా మార్పు ఫారం. ఫారంలో మార్పు తేదీ ఆగస్టు 20 అని రాయించండి, అప్లికేషన్ ఇచ్చిన తేదీ కాదు. వడ్డీ సర్టిఫికెట్ కూడా ఆ తేదీకి ముందు, తర్వాత అని విడగొట్టి ఇమ్మనండి. ఖాతా నంబరు మారితే సిప్, ఎల్ఐసీ ఆటో డెబిట్లు బౌన్స్ అవుతాయి, ముందే కనుక్కోండి.

2027లో డాలర్లను రూపాయల్లోకి మార్చాల్సి వస్తే బేరం ఆడండి. డాలరుకు 85 అనుకుంటే 40,000 డాలర్లకు 34 లక్షలు. దాని మీద జీఎస్టీ 1,422 రూపాయలే. అసలు కోత రేటులో ఉంటుంది: అర్ధ రూపాయి తక్కువిస్తే 20,000 పోయినట్టే. పెద్ద మొత్తానికి ఆ రోజు ప్రత్యేక రేటు ఇమ్మని అడగొచ్చు, అడిగినవాళ్లకే ఇస్తారు.